మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఎప్పుడు కరుగుతుంది, ఎంత కరుగుతుంది: ప్రాజెక్టు డైరీ

సోమవారం: ప్రశ్న, సరంజామా

కడుపులోని ఆమ్లాన్ని తగ్గించడానికి తాగే మందు మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. దాని సీసా మీద 5 మి.లీ.కు 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటుంది. మోలార్ ద్రవ్యరాశి 58.3 కాబట్టి 400 మి.గ్రా. అంటే దాదాపు 6.9 మిల్లీమోల్. ఒక్కో అణువు రెండు హైడ్రాక్సైడ్ అయాన్లను ఇవ్వగలదు. అంటే ఒక చెంచాడు మందులో 13.7 మిల్లీమోల్ క్షారం ఉందన్నమాట. అంత క్షారం అంత నీటిలో పూర్తిగా కరిగి ఉంటే హైడ్రాక్సైడ్ గాఢత 2.7 మోలార్ అయ్యేది. అంత గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చర్మాన్ని కాల్చేస్తుంది. ఈ మందు మాత్రం నోటిని, గొంతును ఏమీ చేయదు. మీటరు ముంచితే పీహెచ్ 10.4 దగ్గర చూపిస్తుంది.

క్షారం అంతా అక్కడే ఉంది, కానీ కరగలేదు. అది ఎప్పుడు కరగాలో నిర్ణయించేది చుట్టూ ఉన్న నీటి పీహెచ్. కరిగిన కొద్దీ ఆ పీహెచ్ తిరిగి మారుతుంది. ఒకదాన్ని ఒకటి అదుపు చేసుకునే ఈ వ్యవహారాన్ని అంకెల్లో పట్టుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు. ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతిసారీ పీహెచ్ ఎక్కడికి వచ్చి ఆగుతుందో చూడాలి. ఆ ఆగే చోటును ముందుగానే లెక్కగట్టి చెప్పగలిగితే విషయం అర్థమైనట్టే.

కావలసినవి తక్కువే. పీహెచ్ మీటరు, మాగ్నెటిక్ స్టిర్రర్, బ్యూరెట్, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.5 మోలార్, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలు, మరిగించి చల్లార్చిన స్వేదనజలం. నీటిని మరిగించడం ఎందుకంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిస్తే అది కూడా ఆమ్లంలాగే పనిచేస్తుంది. ఈ ప్రయోగంలో మొదటి కొలతలు చాలా పలుచని ద్రావణాల మీద జరుగుతాయి కాబట్టి ఆ కొద్దిపాటి ఆమ్లమే ఫలితాన్ని పాడుచేయగలదు. మందు కూడా రుచులు, తీపి కలపని రకమే వాడాలి. రుచి కోసం కలిపే పదార్థాలలో సిట్రిక్ ఆమ్లం లాంటివి ఉంటే అవి కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మీటరును 4, 7, 10 బఫర్లతో సరిచూశాను. చూడవలసిన విషయమంతా 9 నుంచి 10.5 మధ్యే ఉంటుంది కాబట్టి 10 బఫరు తాజాగా ఉండాలి. మూత తీసి ఎక్కువకాలం ఉంచిన 10 బఫరు కూడా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కిందికి జారుతుంది. అలాంటి దానితో సరిచేసిన మీటరు చూపే అంకెలన్నీ ఒకే దిక్కుకు తప్పుతాయి.

మంగళవారం: సీసాలో నిజంగా ఎంత క్షారం ఉంది?

చీటీ మీది అంకెను నమ్మి ముందుకు వెళ్లవచ్చు. కానీ తర్వాతి లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ముందు దీన్ని కొలిచాను.

నేరుగా అంశమాపనం చేస్తే ఇబ్బంది ఉంది. ఘనపదార్థం నెమ్మదిగా కరుగుతుంది. సూచిక రంగు మారిందని ఆమ్లం ఆపేస్తాం, కొద్దిసేపట్లో మిగిలిన రేణువులు కరిగి పాత రంగు తిరిగి వస్తుంది. అందుకే వెనుదిరిగే పద్ధతి మేలు. ముందు అవసరానికి మించి ఆమ్లం పోసి అంతా కరిగించాలి. మిగిలిన ఆమ్లం ఎంతో సోడియం హైడ్రాక్సైడ్‌తో కొలవాలి.

సీసాను బాగా కుదిపి 5 మి.లీ. తీసుకున్నాను. ఈ ద్రవం చిక్కగా ఉండి పిపెట్ గోడలకు అంటుకుంటుంది, ఖాళీ అయినట్టు కనిపించినా కొంత లోపలే ఉండిపోతుంది. పిపెట్‌ను బీకరులోకే స్వేదనజలంతో కడగాలి. త్రాసు ఉంటే తూచి తీసుకోవడం ఇంకా నమ్మకం. దానికి 1 మోలార్ ఆమ్లం 25.0 మి.లీ. పోసి కలియబెడితే, తెల్లటి ద్రవం కాసేపటికి పూర్తిగా తేటపడింది. మిథైల్ రెడ్ సూచికతో, 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 22.8 మి.లీ. పోయగానే ఎరుపు పోయి పసుపు వచ్చింది.

లెక్క సులభం. పోసిన ఆమ్లం 25.0 మిల్లీమోల్. మిగిలింది 11.4. మందు తినేసింది 13.6. సగం చేస్తే 6.8 మిల్లీమోల్ మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అంటే 396 మి.గ్రా. చీటీ మీది 400కు ఇది బాగా దగ్గర. ఇక నుంచి నా అంకె 13.6.

ఇక్కడ సూచిక ఎంపిక గురించి ఒక మాట. చాలామంది చేతికి ముందుగా వచ్చేది ఫినాఫ్తలీన్. అది రంగు మారేది 8.3 దాటాక. కానీ ఈ ద్రావణంలో నిండా మెగ్నీషియం అయాన్లు ఉన్నాయి. పీహెచ్ 9 దాటే ప్రాంతంలో అవి మళ్లీ హైడ్రాక్సైడ్‌ను పట్టుకుని తెల్లగా అవక్షేపిస్తాయి. ఫినాఫ్తలీన్ చిక్కటి గులాబీ రంగు కోసం ఎదురుచూస్తూ పోస్తే, ఆ సోడియం హైడ్రాక్సైడ్ ఆమ్లానికి కాక మెగ్నీషియానికి ఖర్చవుతుంది. చివరి దశలో ద్రావణం మసకబారితే ఇదే జరుగుతోందని గుర్తు. మిథైల్ రెడ్ దాదాపు 6 దగ్గరే పని ముగిస్తుంది, కాబట్టి ఆ గొడవ రాదు.

బుధవారం: తేట నీటిలో ఏముంది?

నిన్న రాత్రి 5 మి.లీ. మందును లీటరు నీటిలో కలిపి, సీసా అంచు దాకా నింపి, మూత బిగించి ఉంచాను. పొద్దుటికి తెలుపు అడుగున చేరింది. పైనున్న నీటిని వడపోశాను. వడపోసిన నీరు నిజంగా తేటగా ఉందో లేదో చీకట్లో టార్చి వేసి చూడాలి. కాంతి దారి నీటిలో తెల్లటి గీతలా కనిపిస్తే సన్నటి రేణువులు వడపోత కాగితం దాటి వచ్చాయని అర్థం. అప్పుడు మరోసారి సన్నటి వడపోత కాగితం గుండా పంపాలి. రేణువులు కొద్దిగా ఉన్నా, కరిగినదానికంటే అవే ఎక్కువ ఆమ్లం తినేస్తాయి.

ఈ తేట నీరు 100 మి.లీ. తీసుకుని 0.01 మోలార్ ఆమ్లంతో అంశమాపనం చేస్తే 2.4 మి.లీ. పట్టింది. అంటే హైడ్రాక్సైడ్ గాఢత 0.00024 మోలార్. మీటరు 10.38 చూపింది. రెండు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి. మెగ్నీషియం దానిలో సగం, 0.00012 మోలార్. లీటరు నీటిలో కేవలం 7 మి.గ్రా. కరిగింది. సీసాలోని ద్రవంలో ఉన్న మొత్తం క్షారంతో పోలిస్తే ఏ క్షణంలోనైనా కరిగి ఉన్నది 11 వేల వంతుల్లో ఒక వంతు. మిగిలినదంతా గాదెలో ధాన్యంలా పక్కన ఉంటుంది, వాడిన మేరకే బయటికి వస్తుంది.

ద్రావణీయతా లబ్ధం అంటే ఘనపదార్థంతో సమతాస్థితిలో ఉన్న ద్రావణంలో మెగ్నీషియం గాఢతను హైడ్రాక్సైడ్ గాఢత వర్గంతో గుణిస్తే వచ్చే విలువ. నా కొలతల ప్రకారం:

```
Ksp = [Mg2+] × [OH-]^2
    = 0.00012 × (0.00024)^2
    = 6.9 × 10^-12
```

పట్టికల్లో 5.6 × 10^-12 అని ఒకచోట, 1.8 × 10^-11 అని మరొకచోట కనిపిస్తుంది. రెండింటి మధ్య మూడు రెట్ల తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. రేణువుల పరిమాణం, అవక్షేపం తాజాదా పాతబడిందా అన్న దాన్నిబట్టి ఈ విలువ మారుతుంది. అందుకే నా మందుకు నేనే కొలుచుకున్న అంకెను వాడుతున్నాను.

అసలు ఆసక్తి ఇప్పుడు మొదలవుతుంది. ఆ సూత్రంలో హైడ్రాక్సైడ్ వర్గంలో ఉంది. పీహెచ్ ఒక్క మెట్టు తగ్గితే హైడ్రాక్సైడ్ పదో వంతుకు పడిపోతుంది, దాని వర్గం నూరో వంతుకు పడిపోతుంది. లబ్ధం మారకూడదు కాబట్టి మెగ్నీషియం నూరు రెట్లు పెరగగలదు. బయటి నుంచి ఆమ్లమో క్షారమో చేర్చి పీహెచ్‌ను ఒకచోట నిలబెట్టామనుకుందాం. 12 దగ్గర లీటరుకు 0.004 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. 11 దగ్గర 0.4 మి.గ్రా. 10 దగ్గర 40 మి.గ్రా. 9 దగ్గర 4 గ్రాములు. 8 దగ్గర లెక్క ప్రకారం 400 గ్రాములు. అంత గాఢత దగ్గర ఈ సాదా సూత్రం పనిచేయదు. ఆ అంకెను ‘హద్దు లేదు’ అని చదువుకోవడమే సరి. కాబట్టి ‘మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నీటిలో కరగదు’ అన్న పాఠ్యపుస్తకపు మాట పీహెచ్ 10కి పైన మాత్రమే నిజం. 9కి కింద అది ఉప్పులా కరిగే పదార్థం.

గురువారం: ఆమ్లం మెట్లు మెట్లుగా

ఇదే ప్రాజెక్టుకు గుండెకాయ. 5 మి.లీ. మందును నీటితో 200 మి.లీ. చేసి, స్టిర్రర్ మీద పెట్టి, 1 మోలార్ ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి 2 మి.లీ. చొప్పున పోశాను. ప్రతిసారీ అంకె కదలడం మానేదాకా ఆగి రాసుకున్నాను.

పోసే ముందే లెక్క వేసి పెట్టుకున్నాను. 2 మిల్లీమోల్ ఆమ్లం పోస్తే 1 మిల్లీమోల్ ఘనం కరిగి దాన్ని తటస్థం చేస్తుంది. ఆ మెగ్నీషియం ద్రావణంలోనే క్లోరైడ్‌తో పాటు ఉండిపోతుంది. ఇంకా బోలెడు ఘనం మిగిలి ఉంది. అలాంటప్పుడు పీహెచ్ మళ్లీ 10.38కి చేరుకుంటుందా?

చాలామంది అవుననే అంటారు. ఘనం ఉన్నంతకాలం ద్రావణం సంతృప్తంగానే ఉంటుంది కదా అన్నది వారి తర్కం. సంతృప్తంగా ఉండేమాట నిజమే, కానీ ఏ సంతృప్తి? ఇప్పుడు నీటిలో మెగ్నీషియం 0.00012 కాదు, 0.005 మోలార్. నలభై రెట్లు పెరిగింది. లబ్ధం అదే కాబట్టి హైడ్రాక్సైడ్ తగ్గక తప్పదు. లెక్క ప్రకారం పీహెచ్ 9.57 దగ్గర ఆగాలి. దీన్నే ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు. ఇక్కడ ఆ ఉమ్మడి అయాన్‌ను బయటి నుంచి ఎవరూ తెచ్చి వేయలేదు, తటస్థీకరణే దాన్ని తయారుచేసింది.

| పోసిన ఆమ్లం (మి.లీ.) | లెక్కగట్టిన పీహెచ్ | మీటరు చూపింది |
|---|---|---|
| 0 | 10.38 | 10.37 |
| 2 | 9.57 | 9.66 |
| 4 | 9.42 | 9.54 |
| 6 | 9.34 | 9.47 |
| 8 | 9.28 | 9.43 |
| 10 | 9.23 | 9.40 |
| 12 | 9.19 | 9.37 |
| 14 | 2.7 | 2.7 |

మొదటి 2 మి.లీ.కి పీహెచ్ 0.7 పడిపోయింది. తర్వాతి 10 మి.లీ.కి అంతా కలిపి 0.3 కూడా పడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా గోడ దూకినట్టు 2.7కి చేరింది. 13.6 మిల్లీమోల్ క్షారం అయిపోయాక పోసిన ప్రతి చుక్కా నేరుగా ఆమ్లమే కాబట్టి ఆ దూకుడు సహజం. మంగళవారం కొలిచిన 13.6 ఇక్కడ మరో దారిలో రుజువైంది.

మధ్యలోని ఆ చదునైన భాగాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నా విసుగు రాలేదు. ఇది ఎసిటేట్ బఫర్ లాంటిది కాదు. అక్కడ కరిగి ఉన్న రెండు రూపాల నిష్పత్తి పీహెచ్‌ను నిలబెడుతుంది. ఇక్కడ కరగని ఘనం నిలబెడుతోంది. ఘనం ఎంత మిగిలిందన్నది లెక్కలోకే రాదు. చిటికెడు మిగిలినా, గుప్పెడు మిగిలినా సమతాస్థితి పీహెచ్ ఒకటే. దాన్ని మార్చేది నీటిలో పోగైన మెగ్నీషియం ఒక్కటే.

శుక్రవారం: లెక్కకూ మీటరుకూ తేడా ఎందుకు?

పట్టికలో 2 నుంచి 12 మి.లీ. దాకా మీటరు అంకెలు ప్రతిచోటా లెక్కకంటే పైన ఉన్నాయి. 0.09 దగ్గర మొదలై 0.18 దాకా పెరిగాయి. మీటరు లోపమైతే తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండేది. ఇది ఆమ్లంతో పాటు క్రమంగా పెరుగుతోంది. కాబట్టి కారణం ద్రావణంలోనే ఉంది.

మెగ్నీషియం అయాన్‌కు రెండు ధన ఆవేశాలు. దాని చుట్టూ క్లోరైడ్ అయాన్లు గుమిగూడతాయి. ఆ గుంపు వల్ల అది హైడ్రాక్సైడ్‌తో కలిసే చొరవ తగ్గుతుంది. గాఢత 0.01 మోలార్ అని సీసా లెక్క చెప్పినా, సమతాస్థితి దృష్టిలో అది సగం పనే చేస్తుంది. ఇలా పనిలోకి వచ్చే గాఢతను క్రియాశీలత అంటారు. డేవిస్ సమీకరణంతో దాన్ని అంచనా వేస్తే, 4 మి.లీ. దగ్గర మెగ్నీషియం క్రియాశీలత అసలు గాఢతలో 0.53 వంతు, 12 మి.లీ. దగ్గర 0.39 వంతు. మెగ్నీషియం తక్కువగా పనిచేస్తే ఆ మేరకు హైడ్రాక్సైడ్ ఎక్కువ ఉండగలదు, పీహెచ్ పైకి జరుగుతుంది. నా లబ్ధాన్ని కూడా ఇదే పద్ధతిలో సరిచేసి మళ్లీ లెక్కిస్తే 4 మి.లీ.కి 9.54, 12 మి.లీ.కి 9.37 వచ్చాయి. మీటరు చెప్పినదీ అవే.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. సాదా సూత్రం ప్రకారం మెగ్నీషియం రెట్టింపు అయినప్పుడల్లా పీహెచ్ 0.15 తగ్గాలి. పట్టికలో 2 నుంచి 4 మి.లీ.కి 0.12, 4 నుంచి 8కి 0.11 తగ్గింది. దిశ సరిగ్గా ఉంది, వాలు కొంచెం తక్కువ. ఆ కొరత కూడా క్రియాశీలతదే. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చి ఉంటే పీహెచ్ లెక్కకంటే కిందికి జారేది. తేడా పైకి ఉంది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

శనివారం: పడి లేచే పీహెచ్

గురువారం నాటి పట్టికలో స్థిరపడిన అంకెలు మాత్రమే ఉన్నాయి. అసలు దృశ్యం మధ్యలో ఉంటుంది. ఈ రోజు అదే ప్రయోగాన్ని మళ్లీ పెట్టి, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, అంకెలతో పాటు రంగునూ చూశాను.

మొదట ద్రవం గులాబీ రంగులో ఉంటుంది. ఆమ్లం పడగానే తెల్లబడుతుంది. మీటరు 7 కిందికి దిగుతుంది. కొన్ని సెకన్లలోనే గులాబీ రంగు మళ్లీ పాకుతూ వస్తుంది, అంకె 9 దాటి నెమ్మదిగా తన చోటికి చేరుతుంది. పడినప్పుడు నీటిలో కరిగి ఉన్న కొద్దిపాటి హైడ్రాక్సైడ్ ఖర్చైపోయింది. ఆ క్షణంలో ఘనం చుట్టూ ఉన్న నీరు సంతృప్తికి చాలా దూరంలో ఉంది. కాబట్టి రేణువుల ఉపరితలం నుంచి అయాన్లు వేగంగా బయటికి వస్తాయి. లోటు తీరిన కొద్దీ వేగం తగ్గుతుంది.

సమతాస్థితి దృష్టిలో ఘనం పరిమాణానికి విలువ లేదని రాశాను. వేగం దృష్టిలో మాత్రం అదే సర్వస్వం. మొదటి మోతాదుకు అర నిమిషంలో కోలుకున్న పీహెచ్, 12 మి.లీ. తర్వాత చాలా నిమిషాలు తీసుకుంది. అప్పటికి ఎనిమిదింట ఒక వంతు ఘనమే మిగిలింది. అది కూడా పెద్ద రేణువుల రూపంలో, ఎందుకంటే సన్నవి ముందే కరిగిపోయాయి. 13 మి.లీ. దగ్గర మరీ నిదానం. అక్కడ తొందరపడి అంకె రాసుకుంటే పీహెచ్ 8 అనో 7 అనో రాసుకుంటాం, క్షారం అయిపోయిందనుకుంటాం. ఆగి చూస్తే అది మళ్లీ 9 దాటుతుంది. తెలుసుకునే మార్గం సులభం: ద్రవం ఇంకా మసకగా ఉంటే పని ముగియలేదు. బీకరును మంచు నీటిలో పెడితే ప్రతి దశా ఇంకా నెమ్మదిస్తుంది, రంగుల రాకపోకలు తీరిగ్గా చూడవచ్చు. విద్యార్థులకు చూపించేవారు అలా చేయడం మంచిది.

ఎలక్ట్రోడు కూడా ఇక్కడ మోసం చేయగలదు. దాని గాజు బుడ్డికి తెల్లటి పొర అంటుకుంటుంది. ఆ పొరలోని నీరు ఎప్పుడూ సంతృప్తంగానే ఉంటుంది కాబట్టి బయట పీహెచ్ పడినా మీటరు ఆలస్యంగా గమనిస్తుంది. పలుచని ఆమ్లంలో ముంచి, నీటితో కడిగితే పొర పోతుంది.

తేటపడిన ద్రావణాన్ని పారబోయకుండా వెనక్కి నడిపించాను. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్క చుక్కగా వేస్తే పీహెచ్ 7 దాటి చకచకా ఎక్కింది. 9.4 దగ్గరే మెగ్నీషియం అవక్షేపించడం మొదలవ్వాలి. కానీ ద్రావణం తేటగానే 9.8 దాకా వెళ్లింది. ఉన్నట్టుండి మసక కమ్మింది, అంకె తిరిగి 9.5కి దిగింది. కొత్త ఘనం పుట్టాలంటే మొదటి రేణువులు ఏర్పడాలి, దానికి కాస్త అదనపు ఒత్తిడి కావాలి. అవి ఏర్పడ్డాక మాత్రం మిగతాది వాటి మీద పేరుకుంటుంది. అక్కడి నుంచి, నీటిలో మెగ్నీషియం మిగిలి ఉన్నంతసేపు, సోడియం హైడ్రాక్సైడ్ వేస్తున్నా పీహెచ్ దాదాపు కదలలేదు. గురువారం ఎక్కిన అదే చదును మీద వెనక్కి నడవడమే ఇది. తాజా అవక్షేపం జిగురుగా, తేలికగా ఉండి త్వరగా అడుగుకు చేరదు. సీసాలోని దానికంటే కొంచెం ఎక్కువగా కరుగుతుంది కూడా, అందుకే ఈ చదును కొద్దిగా పైన ఉంది.

ఆదివారం: కడుపు వైపు నుంచి

ఇప్పటిదాకా మందులోకి ఆమ్లం పోశాను. కడుపులో జరిగేది తిరగేసి ఉంటుంది, ఆమ్లంలోకి మందు పడుతుంది. అందుకని 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ. బీకరులో తీసుకున్నాను. దానిలో 10 మిల్లీమోల్ ఆమ్లం ఉంది, పీహెచ్ సుమారు 1.

ముందుగా 2.5 మి.లీ. మందు వేశాను. వెంటనే కరిగిపోయింది, తెలుపు జాడ కూడా మిగల్లేదు. 6.8 మిల్లీమోల్ ఆమ్లం తటస్థమైంది, అంటే మూడింట రెండు వంతులు పోయాయి. మీటరు చూపింది మాత్రం 1.5. ఈ అంకెను చూసి మందు పనిచేయలేదనుకుంటే పొరపాటు. పీహెచ్ లాగరిథమిక్ కొలమానం. ఆమ్లం పదో వంతుకు తగ్గితే తప్ప ఒక మెట్టు ఎక్కదు. మిగతా 2.5 మి.లీ. వేయగానే పీహెచ్ 2, 3, 5 దాటుకుంటూ పైకి వెళ్లి 9.2 దగ్గర నిలిచింది. తెలుపు మిగిలింది. ఆమ్లం 10, క్షారం 13.6 కాబట్టి 3.6 మిల్లీమోల్ క్షారం ఇంకా ఘనంగా ఉంది.

కడుపు ఊరుకోదు, ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని పోలినట్టు 0.1 మోలార్ ఆమ్లాన్ని నిమిషానికి 2 మి.లీ. చొప్పున బ్యూరెట్ నుంచి జారవిడిచాను. ఇది నిమిషానికి 0.2 మిల్లీమోల్. మిగిలిన క్షారం 18 నిమిషాలు రావాలి. లెక్క వేసేటప్పుడే ఒక చక్కని విషయం కనిపించింది. పడే ఆమ్లం 0.1 మోలార్, అది కరిగించే మెగ్నీషియం దానిలో సగం, 0.05 మోలార్. బీకరులో అప్పటికే ఉన్న మెగ్నీషియం కూడా దాదాపు 0.05 మోలారే. కాబట్టి ఘనపరిమాణం పెరుగుతున్నా మెగ్నీషియం గాఢత మారదు. అది మారకపోతే సమతాస్థితి పీహెచ్ కూడా మారదు. గురువారం నాటి గీత కొద్దిగా వాలి ఉంటే, ఈ గీత బల్లపరుపుగా ఉండాలి.

అలాగే ఉంది. పన్నెండు పదమూడు నిమిషాల దాకా 9.2 నుంచి మీటరు పెద్దగా కదల్లేదు. ఆ తర్వాత 9.0, 8.6 అంటూ దిగసాగింది. ఘనం ఇంకా ఉంది, కానీ మిగిలిన కొద్దిపాటి ఉపరితలం చుక్కల వేగాన్ని అందుకోలేకపోతోంది. బ్యూరెట్ మూసి చూస్తే అంకె మళ్లీ ఎక్కింది కాబట్టి అది వేగం లోటే, క్షారం లోటు కాదు. తెరిచాక 18వ నిమిషం దగ్గర ద్రవం తేటపడింది. మరో నిమిషంలో పీహెచ్ 3 కిందికి వెళ్లింది.

నిజమైన కడుపులో ఇంత శుభ్రమైన గీత రాదు. అక్కడ మందు నిలకడగా ఉండదు, కడుపు ఖాళీ అవుతూ కరగని రేణువులనూ పేగులోకి నెట్టేస్తుంది. ఆహారంలోని ప్రోటీన్లు కొంత ఆమ్లాన్ని తామే పట్టుకుంటాయి. కరిగిన మెగ్నీషియంలో కొద్ది భాగమే రక్తంలోకి వెళుతుంది, మిగతాది పేగులో నీటిని తన వైపు లాగుతుంది. ఈ మందు విరేచనకారిగా పనిచేయడానికి కారణం అదే. రక్తంలోకి వెళ్లిన దాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి కాబట్టి, అవి సరిగా పనిచేయనివారు వైద్యుడిని అడగకుండా దీన్ని తాగకూడదు. బీకరు చెప్పేది ఒక భాగం మాత్రమే: ఎంత ఆమ్లం వస్తే అంతే క్షారం విడుదలవుతుంది, మందు ఎక్కువైనా పీహెచ్ 10.4 దాటదు, మెగ్నీషియం పోగైన చోట 9.2 దగ్గరే ఆగిపోతుంది.

వచ్చే వారం అదే బీకరులో ఆమ్లానికి బదులు అమ్మోనియం క్లోరైడ్ వేసి చూడాలి. అమ్మోనియం అయాన్ బలహీన ఆమ్లం, దాని పీకేఏ, అంటే అందులో సగం తన ఆమ్లాన్ని వదిలేసే పీహెచ్, 9.25. ఈ చదునుకు అంత దగ్గరగా ఉన్న ఆమ్లం కూడా ఘనాన్ని కరిగించగలగాలి, కానీ పూర్తిగా కరిగించడానికి తటస్థీకరణ లెక్కకు మించి చాలా ఎక్కువ కావాలి. ఎంత కావాలో ముందే లెక్కగట్టి కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాను.